పైనున్న కామెంటుకు ఎక్కువ లైకులున్నట్టేనా? అపోహలు – వాస్తవాలు

యూట్యూబ్‌లో ఒక తెలుగు వంటల ఛానెల్ కామెంట్లను చూసుకునే పనిలో ఉన్న నాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "నా కామెంటుకు ఇన్ని లైకులున్నా అది కిందెందుకు ఉంది?"

అపోహ: లైకులు ఎన్ని ఎక్కువైతే కామెంటు అంత పైకి వెళ్తుంది.

వాస్తవం: యూట్యూబ్ తన సూత్రాన్ని పూర్తిగా బయటపెట్టలేదు కనుక, రెడిట్ అనే చర్చా వేదిక 2009లో బయటపెట్టిన Best అనే కామెంట్ల వరుసను తీసుకుందాం. దీనికి ఆధారం ఎడ్విన్ విల్సన్ అనే గణాంక శాస్త్రవేత్త 1927లో ప్రతిపాదించిన పద్ధతి. ఇప్పటివరకు పడ్డ ఓట్లను ఒక నమూనాగా భావించి, ఇంకా చాలామంది చదివి ఓటు వేసినా మెచ్చేవారి శాతం ఎంతకు తగ్గకుండా ఉంటుందో ఈ పద్ధతి అంచనా వేస్తుంది. ఆ కనిష్ఠ అంచనా ఎక్కువగా ఉన్న కామెంటు పైకి వస్తుంది.

మూడు కామెంట్లను పోల్చి చూద్దాం. మొదటిదానికి 5 అప్‌వోట్లు వచ్చాయి, డౌన్‌వోటు ఒక్కటీ లేదు. రెండవదానికి 90 అప్‌వోట్లు, 10 డౌన్‌వోట్లు. మూడవదానికి 1000 అప్‌వోట్లు, 600 డౌన్‌వోట్లు. 95 శాతం విశ్వాస స్థాయితో లెక్కిస్తే కనిష్ఠ అంచనాలు వరుసగా సుమారు 57, 83, 60 శాతం వస్తాయి. నూటికి నూరు శాతం మెప్పు పొందిన మొదటిది ఓట్లు మరీ తక్కువ కావడం వల్ల అట్టడుగున నిలుస్తుంది. వెయ్యి మంది మెచ్చిన మూడవది, వ్యతిరేకించినవారూ ఎక్కువే కావడం వల్ల, తొంభై మంది మెచ్చిన రెండవదాని కిందికి జారుతుంది. ఈ లెక్కలో కామెంటు వయసుకు చోటు లేదు కాబట్టి ఆలస్యంగా వచ్చినదానికీ పైకెక్కే అవకాశం ఉంటుంది, అయితే ముందుగా దానికి చదివేవారు దొరకాలి.

అపోహ: ఛానెల్ యజమాని హార్ట్ ఇస్తే కామెంటు మొదటి స్థానానికి వెళ్తుంది.

వాస్తవం: యూట్యూబ్‌లో మొదటి స్థానాన్ని ఖాయం చేసేది పిన్. అది ఒక వీడియోకు ఒక్కటే. మరొకటి పిన్ చేస్తే పాతది తొలగిపోతుంది. హార్ట్ ఇచ్చినప్పుడు కామెంటు కింద యజమాని బొమ్మతో ఎర్రని గుర్తు కనిపిస్తుంది, రాసినవారికి ఆ సంగతి తెలుపుతూ నోటిఫికేషన్ వెళ్తుంది. చదివేవారి చూపు ఆ గుర్తు మీద పడి లైకులు, జవాబులు పెరిగితే వాటి వల్ల స్థానం మారవచ్చు గానీ, హార్ట్ ఇచ్చినంత మాత్రాన స్థానం ఖాయమైపోదు. ఒకే వీడియో కింద పదుల కొద్దీ హార్టులు పంచే ఛానెళ్లలో ఆ గుర్తు కళ్లకు ఆనకుండా పోతుందనేది నా అభిప్రాయం.

యజమాని నొక్కే బొటనవేలి లైకు వేరు, హార్ట్ వేరు. ఆ లైకు మొత్తం లైకుల సంఖ్యకు ఒకటి కలుపుతుంది. హార్ట్ ఆ సంఖ్యలోకి రాదు.

అపోహ: నా తెరపై పైన కనిపించే కామెంటే అందరికీ పైన కనిపిస్తుంది.

వాస్తవం: మీరు ఇప్పుడే రాసిన కామెంటు మీకు పైన కనిపించినా, ఇతరులకు ఎంతో కిందికి ఉండవచ్చు. సరిచూడాలంటే లాగిన్ కాని విండోలో అదే వీడియోను తెరిచి Top వరుసలో వెతకండి. అక్కడ లేకపోతే Newest వరుసకు మార్చండి. అందులోనూ కనిపించకపోతే సమస్య స్థానానిది కాకపోవచ్చు, ఆ కామెంటు పరిశీలన కోసం ఆగి ఉండవచ్చు.