యాంటీ రోల్ బార్: బండి ఒరగకపోతే గ్రిప్ పెరిగినట్టేనా?

కారును లిఫ్ట్ మీద పెట్టి చూస్తే ముందు చక్రాల మధ్య అడ్డంగా ఒక స్టీలు కడ్డీ కనిపిస్తుంది. దాని రెండు చివరలూ వంగి ఉంటాయి. అదే యాంటీ రోల్ బార్. స్టెబిలైజర్ బార్ అన్నా ఇదే. మధ్యభాగం రెండు రబ్బరు బుష్‌లలో సబ్‌ఫ్రేమ్‌కి బిగించి ఉంటుంది. చివరలు లింక్ రాడ్‌ల ద్వారా ఎడమ, కుడి సస్పెన్షన్‌కి కలుస్తాయి. చాలా కార్లకు వెనక కూడా ఒకటి ఉంటుంది. ఈ కడ్డీ గురించి నేను ఎక్కువగా వినే మాటలు మూడు.

అపోహ: లావు బార్ వేస్తే ప్రతి ఎత్తుపల్లానికీ బండి ఎగిరేస్తుంది.

స్పీడ్ బ్రేకర్ మీద రెండు ముందు చక్రాలూ ఒకేసారి లేస్తాయి. అప్పుడు బార్ బుష్‌లలో అలా తిరుగుతుందే తప్ప మెలిపడదు. మెలిపడకపోతే దాని ప్రభావం దాదాపు లేనట్టే. ఒక చక్రం పైకి, రెండోది కిందికి వెళ్ళినప్పుడే దానికి పని. మలుపులో జరిగేది అదే. బాడీ బయటివైపు ఒరిగితే ఆ వైపు స్ప్రింగ్ నొక్కుకుంటుంది, లోపలివైపుది సాగుతుంది. మెలిపడిన బార్ తిరిగి నిటారు కావాలని చూస్తుంది కాబట్టి బయటివైపు బాడీని పైకి నెడుతుంది, లోపలి చక్రాన్ని పైకి లాగుతుంది.

ఒకే చక్రం గుంటలో పడితే మాత్రం ఆ మాటలో నిజం ఉంది. ఆ కుదుపు బార్ ద్వారా అవతలి వైపుకీ పాకుతుంది, తల అటూ ఇటూ ఊగుతుంది.

అపోహ: ఒరగడం తగ్గింది అంటే బరువు బయటి టైర్ల మీద పడటం తగ్గింది, గ్రిప్ పెరిగింది.

అన్నిటికంటే బలంగా పాతుకుపోయింది ఇదే, లెక్క వేసి చూద్దాం. 1200 కిలోల కారు, గరిమనాభి నేలకు 0.55 మీటర్ల ఎత్తులో, ఎడమ కుడి చక్రాల మధ్య 1.5 మీటర్లు. మలుపులో పక్కబలం 0.5 జీ, అంటే కారు బరువులో సగం అనుకుందాం. లోపలి టైర్ల నుంచి బయటి టైర్లకు మారే బరువు 1200 × 0.5 × 0.55 ÷ 1.5, అంటే 220 కిలోలు. ఈ లెక్కలో బార్ ఎక్కడా లేదు. సన్నదైనా, లావుదైనా, అసలు లేకపోయినా ఆ 220 కొద్దిపాటి తేడాతో అంతే.

బార్ మార్చేది ఆ 220ని ముందూ వెనకా ఎలా పంచుకోవాలన్నదే. ముందు 130, వెనక 90 పడుతోందనుకోండి. వెనక లావు బార్ వేస్తే అది 100, 120 కావచ్చు. మన కారు బరువులో వెనక వాటా 480 కిలోలైతే ఒక్కో వెనక టైరుకి 240. మలుపులో లోపలి వెనక టైరు మీద ఇంతకుముందు 150 ఉండేది, ఇప్పుడు 120. అదే పంపకంతో పక్కబలం 0.8 జీకి చేరితే మొత్తం 352 కిలోలు మారతాయి, అందులో వెనక వాటా 192. లోపలి వెనక టైరు కింద మిగిలేది 48 కిలోలు. కొన్ని చిన్న కార్లు వేగంగా తిరిగేటప్పుడు లోపలి వెనక చక్రం గాల్లోకి లేచేది ఇందుకే.

టైరు మీద బరువు రెట్టింపైతే గ్రిప్ రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. అందుకే ఏ యాక్సిల్ మీద బరువు ఎక్కువ మారితే ఆ యాక్సిల్ ముందుగా జారుతుంది. ముందు బార్ లావు చేస్తే స్టీరింగ్ తిప్పినా కారు ముక్కు మలుపు బయటివైపుకే పోతుంది. వెనక లావు చేస్తే ముక్కు చక్కగా తిరుగుతుంది గానీ తడి రోడ్డు మీద వెనక భాగం జారే టెన్షన్ మొదలవుతుంది. ఒరగడం తగ్గితే క్యాంబర్, అంటే చక్రం నిలువు నుంచి పక్కకు వాలే కోణం, మెరుగ్గా నిలబడుతుంది, స్టీరింగ్ తిప్పగానే బండి త్వరగా స్పందిస్తుంది. ఈ లాభాలు నిజమే, కాదనను.

ఇంకోటి, "రెండు మిల్లీమీటర్లే కదా" అనొద్దు. మెలిని ఆపే గట్టిదనం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల బార్ స్థానంలో 22 వేస్తే, మిగతావన్నీ అలాగే ఉంటే, గట్టిదనం దాదాపు 46 శాతం ఎక్కువ.

అపోహ: ముందునుంచి టకటక శబ్దం వస్తే షాక్ అబ్జార్బర్లు పోయినట్టే.

చాలాసార్లు పోయేది లింక్ రాడ్ బాల్ జాయింట్. గరుకు రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తుంటే టకటకమని, రెండు చక్రాలూ కలిసి లేచే స్పీడ్ బ్రేకర్ మీద శబ్దం లేకపోతే ముందు అనుమానం దీని మీదే. చూసేటప్పుడు ఒక్క చక్రమే జాకీ మీద లేపకండి. బార్ మెలిపడి లింక్‌ని బిగబట్టి ఉంచుతుంది కాబట్టి అరిగిన జాయింట్ కూడా గట్టిగానే అనిపిస్తుంది. రెండు చక్రాలూ ఒకే ఎత్తులో ఉన్నప్పుడు లింక్‌ని చేత్తో పట్టుకుని ఊపితే లూజు తెలిసిపోతుంది. జాయింట్ రబ్బరు చిరిగి గ్రీజు బయటికొచ్చి ఉంటే ఊపాల్సిన అవసరం కూడా లేదు. లింక్‌లు బాగుంటే బార్ బుష్‌లు చూడండి. కడ్డీకీ రబ్బరుకీ మధ్య సందు కనిపించినా, మధ్యలో దుమ్ము చేరి కడ్డీ మెరుగెక్కినా శబ్దం అక్కడిదే కావచ్చు. ఈ రెండూ చూశాకే షాక్ అబ్జార్బర్ల జోలికి వెళ్ళండి.