వరల్డ్ క్లాక్ పెట్టుకున్నా అమ్మ నిద్ర ఎందుకు పాడవుతోంది: అపోహలు - వాస్తవాలు

నాలుగైదు దేశాల్లో ఉన్న టీమ్స్‌కి మీటింగులు సెట్ చేయడమే నా ఉద్యోగం, అందుకే చుట్టాలు కూడా విదేశాల్లో ఉన్న వాళ్ళింటివాళ్ళతో ఫోన్ కాల్స్‌కి టైమ్ లెక్కలు నన్నే అడుగుతారు. అందరూ పడే గోతులు దాదాపు ఇవే.

అపోహ: తేడా ఎన్ని గంటలో ఒకసారి గుర్తుపెట్టుకుంటే చాలు.

చాలదండీ. ఇండియా గడియారం ఏడాదంతా కదలదు, చికాగోది కదులుతుంది. మార్చి రెండో ఆదివారం గంట ముందుకి జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం మళ్ళీ వెనక్కి. అంటే చలికాలంలో తేడా 11న్నర గంటలు, ఎండాకాలంలో 10న్నర.

కొడుకు చికాగోలో, అమ్మ ఇండియాలో అనుకోండి. జనవరిలో శనివారం రాత్రి 7కి ప్రతి వారం రిపీట్ అయ్యేలా కాల్ పెట్టాడు, అమ్మకి అది ఆదివారం పొద్దున 6:30, ఆవిడ అప్పటికే లేచి ఉంటారు, అంతా బానే ఉంది. మార్చిలో అక్కడ గంట జరిగాక కూడా వాడు అదే 7కి చేస్తాడు, ఇక్కడ మాత్రం 5:30కే ఫోన్ మోగుతుంది. వాడూ తప్పు చేయలేదు, క్యాలెండరూ తప్పు చేయలేదు, ఆ ఈవెంట్ చికాగో టైమ్‌కి కట్టేసి ఉంది అంతే.

అందుకే ఎవరి నిద్రకి దగ్గరగా కాల్ పడుతోందో వాళ్ళ టైమ్‌లో ఈవెంట్ పెట్టాలి. గూగుల్ క్యాలెండర్‌లో ఈవెంట్ తెరిచి Time zone దగ్గర ఇండియా ఎంచుకోండి, కానీ రోజు, టైమ్ కూడా ఆదివారం పొద్దున 6:30 అని మార్చారో లేదో చూసుకోండి, ఎక్కువమంది ఇక్కడే మర్చిపోతారు. ఇక అమ్మ టైమ్ కదలదు, ఎండాకాలంలో కొడుక్కి రాత్రి 8 అవుతుంది, వాడు ఎలాగూ మేలుకునే ఉంటాడు కదా.

అపోహ: వరల్డ్ క్లాక్‌లో వాళ్ళ ఊరి బదులు పక్క ఊరు పెట్టినా ఒకటే.

అక్క అమెరికాలో ఫీనిక్స్‌లో ఉంటే డెన్వర్ పెట్టుకున్నవాళ్ళని చూశా. చలికాలంలో రెండూ ఒకే టైమ్, అందుకే అనుమానం రాదు. ఫీనిక్స్‌లో గడియారం జరపరు, డెన్వర్‌లో జరుపుతారు, దాంతో ఎండాకాలమంతా గంట తప్పు చూపిస్తుంది. బ్రిస్బేన్, సిడ్నీలదీ ఇదే కథ, బ్రిస్బేన్ జరపదు. లిస్టులో వాళ్ళ ఊరు దొరక్కపోతే అదే రాష్ట్రంలోని పెద్ద ఊరు వెతకండి, ఒక్కోసారి ఒకే రాష్ట్రంలో కూడా రెండు టైమ్ జోన్లు ఉంటాయి కాబట్టి పెట్టాక ఇప్పుడక్కడ టైమెంతో వాళ్ళనే ఓసారి అడగండి.

అపోహ: వరల్డ్ క్లాక్ చూసి వచ్చే నెల కాల్ ఫిక్స్ చేయొచ్చు.

అది చూపించేది ఇప్పటి టైమ్ మాత్రమే. ఫిబ్రవరిలో చూసి ఏప్రిల్‌కి లెక్క వేస్తే గంట తేడా వస్తుంది. క్యాలెండర్‌లో ఆ తేదీకే ఒక ఈవెంట్ పెట్టి అవతలివాళ్ళకి ఇన్వైట్ పంపండి, వాళ్ళ ఫోన్‌లో వాళ్ళ టైమ్‌లోనే కనిపిస్తుంది.