విడిపోయిన ఆర్నెల్లకు ‘తప్పు చేశానా?’ అనిపిస్తే: కొన్ని అపోహలు, వాస్తవాలు

బ్రేకప్ అయిన వారంలోనే నా దగ్గరికి కౌన్సెలింగ్‌కు వచ్చేవాళ్లు తక్కువ. ఆ వారం స్నేహితులు చూసుకుంటారు. ఆరేడు నెలలు గడిచి, చుట్టూ ఉన్నవాళ్లు ‘ఈపాటికి మర్చిపోయుంటుందిలే’ అనుకున్నాక ఒంటరిగా వస్తారు. ఎక్కువగా, విడిపోదామని తామే చెప్పినవాళ్లు. ‘మేడమ్, మంచివాణ్ణి చేతులారా వదులుకున్నానా?’ అని అడుగుతారు.

అలా వచ్చిన ఒకమ్మాయి గురించి, వివరాలు మార్చి చెబుతాను. 28 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం, సొంతూరు గుంటూరు దగ్గర. మూడేళ్ల ప్రేమ. వద్దన్నది తనే. అప్పటికి ఏడు నెలలైంది.

అపోహ: ఇన్ని నెలలైనా గుర్తొస్తున్నాడంటే అదే నిజమైన ప్రేమ.

చచ్చినవాడి కళ్లు చారెడు అని మనవాళ్లు ఊరికే అనలేదు. మనస్తత్వశాస్త్రంలో దీనికి దగ్గరగా ఉండే ఒక విషయం ఉంది, ఫేడింగ్ అఫెక్ట్ బయాస్ అంటారు. జరిగిన సంఘటన గుర్తుంటుంది, కానీ దానితో వచ్చిన బాధ త్వరగా పలచబడుతుంది. సంతోషం అంత త్వరగా పలచబడదు. మామూలుగా ఇది మంచిదే. ఇది లేకపోతే పాత అవమానాలతో బతకడం కష్టం. కానీ విడిపోయిన ఆర్నెల్లకు ఇదే మనల్ని పక్కదారి పట్టిస్తుంది. గొడవ జరిగిందని తెలుసు, ఆ రాత్రి కడుపులో తిప్పినట్టు ఉండడం మాత్రం ఇప్పుడు గుర్తుకు రాదు. ట్యాంక్‌బండ్ మీద తిన్న మొక్కజొన్న పొత్తు మాత్రం వేడివేడిగానే ఉంటుంది.

ఇది అందరిలో ఒకేలా పనిచేయదు. మనసు బాగా కుంగి ఉన్నవాళ్లలో బాధ అంత త్వరగా పలచబడదు. వాళ్లను వేధించేది వేరే రకం సందేహం, ‘తప్పంతా నాదే’ అన్నది.

అందుకే నేను ముందు జ్ఞాపకాన్ని నమ్మను, కాగితం అడుగుతాను. ఎందుకు విడిపోయావో గుర్తున్నంతవరకు రాయమన్నాను. రెండే రెండు లైన్లు రాసింది: ‘చిన్నచిన్న గొడవలు. నాకు ఓపిక లేకపోయింది.’ తర్వాత విడిపోవడానికి ముందు మూడు నెలల్లో తన స్నేహితురాలికి పంపిన వాట్సాప్ మెసేజీలు చదువుకుని రమ్మన్నాను. అతనితో చేసిన చాట్ చదవొద్దన్నాను. అక్కడ గొడవ పక్కనే బుజ్జగింపు ఉంటుంది, కళ్లు ఆ బుజ్జగింపు దగ్గరే ఆగిపోతాయి. జరిగింది జరిగినట్టు మనం చెప్పుకునేది స్నేహితురాలికే.

వారం తర్వాత వచ్చినప్పుడు ఆమె లిస్టు మారింది. ఇంట్లో ఎప్పుడు చెబుతావని అడిగిన ప్రతిసారీ అతను ఒక తేదీ చెప్పాడు. సంక్రాంతి వెళ్లనీ అన్నాడు. తర్వాత చెల్లి పెళ్లి అవ్వనీ అన్నాడు. ఆ తర్వాత ఆషాఢం, ఆ తర్వాత నాన్న రిటైర్మెంట్. ‘ఈసారీ అదే. నేను అడుక్కుంటున్నట్టు ఉందే’ అని తను రాసిన మెసేజ్ నాకు చదివి వినిపించి, ‘ఇది నేను రాశానా?’ అంది.

అదే చాట్‌లో ఇంకోటి కూడా దొరికింది. ఆ అమ్మాయి నాన్నకు ఒంట్లో బాగోలేక ఆసుపత్రిలో చేర్చినప్పుడు ఇతను బెంగళూరు నుంచి రాత్రి బస్సెక్కి వచ్చి, మూడు రాత్రులు బయట బెంచీ మీదే పడుకున్నాడు. దాన్ని కొట్టేయమని నేను అనలేదు. అతను మంచివాడే. అయినా ఆమె కోరుకున్న పెళ్లి అతనితో ముందుకు కదల్లేదు. ‘మంచివాణ్ణి వదులుకున్నానా?’ అన్న ప్రశ్నలో చిక్కు ఇక్కడే ఉంది. మనిషి మంచివాడైనంత మాత్రాన బంధం నిలబడాలని లేదు.

అపోహ: సందేహం వస్తోందంటే నిర్ణయం తప్పు.

బంధంలో ఉంటూ ‘ఉండాలా, వెళ్లాలా’ అని ఊగిసలాడుతున్నవాళ్ల మీద 2018లో ఒక పరిశోధన వచ్చింది. వాళ్లలో దాదాపు సగం మందికి ఉండాలన్న కోరికా, వెళ్లాలన్న కోరికా రెండూ ఒకేసారి బలంగా ఉన్నాయి. నిర్ణయం తీసుకున్న రోజే సగం మనసు అటు ఉంటే, ఆ సగం తర్వాత మాట్లాడకుండా ఉంటుందా?

సందేహం వచ్చిందా లేదా అన్నదానికంటే ఎప్పుడొచ్చింది అన్నది నాకు ఎక్కువ పనికొస్తుంది. 14 రోజులు, ఆ ఆలోచన వచ్చిన ప్రతిసారీ టైము, దానికి ముందు ఏం జరిగిందో ఒక్క లైనులో రాయమంటాను. ఈ అమ్మాయి తొమ్మిదిసార్లు రాసింది. అందులో ఆరు, అమ్మ సంబంధాల గురించి ఫోన్ చేశాకో, ఎవరిదో బయోడేటా ఫోన్‌కు వచ్చాకో. పని ఒత్తిడి బాగా ఉన్న రోజుల్లో ఒక్కటీ లేదు. మూడేళ్లు తెలిసిన మనిషిని, ఫొటో, ప్యాకేజీ, గోత్రం తప్ప ఏమీ తెలియని మనిషి పక్కన పెట్టి చూస్తోంది. ఆ పోలికలో కొత్తవాడు ఎలా గెలుస్తాడు? మన దగ్గర ఈ సందేహానికి సగం పెళ్లిచూపులే కారణమని నాకనిపిస్తుంది. ఇది లెక్కలు తీసి చెబుతున్న మాట కాదు, నా కుర్చీలోంచి కనిపించేది.

అపోహ: స్టేటస్ చూస్తే తప్పేముంది, ఒక్కసారి మాట్లాడితే క్లారిటీ వస్తుంది కదా.

పాత భాగస్వామి ఫేస్‌బుక్ పేజీని చూస్తూ ఉండేవాళ్లలో బాధ, తపన ఎక్కువగా ఉన్నట్టు 2012లో ఒక పరిశోధన చూపించింది. చూడ్డం వల్ల బాధా, బాధ వల్ల చూడ్డమా అన్నది దాంతో తేలదు. ఎటైనా, రాత్రి పదకొండు గంటలకు చేసిన ఫోన్‌తో క్లారిటీ వచ్చిందన్నవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు.

అపోహ: ఒకసారి వదిలేశాక వెనక్కి చూడకూడదు.

ఇది మొదటిదానికి తిరగేసిన అపోహ. నిజంగానే మంచి బంధాన్ని వదులుకున్నవాళ్లూ ఉంటారు. నేను చూసేది ఒక్కటే: విడిపోవడానికి అసలు కారణం ఒక పరిస్థితా, లేక ఎదుటి మనిషి పదేపదే చేసిన పనా? గ్రూప్-2కు చదువుతూ, చేతిలో డబ్బుల్లేక, ఆ చిరాకంతా ఆ అమ్మాయి మీద చూపించి తెంపేసుకున్న ఒకబ్బాయి వచ్చాడు. ఉద్యోగం వచ్చాక ఆ కారణం పోయింది. సాకులు చెప్పకుండా, తను చేసిందేమిటో రాసి, బదులివ్వకపోయినా పర్వాలేదంటూ ఒక్క మెసేజ్ పంపాడు. ఆమెకు అప్పటికే నిశ్చితార్థం అయిపోయింది. అతని సందేహం సరైనదే, కానీ ఆలస్యమైంది.

పదేపదే చేసిన పని అయితే, అది మారిందనడానికి రుజువు ఉండాలి. ‘మారాను’ అనడం రుజువు కాదు. ఈ అమ్మాయి విషయంలో రుజువంటే, అతను ఇంట్లో చెప్పేసి ఉండడం. ఉమ్మడి స్నేహితుల ద్వారా ఆమెకు తెలిసినంతలో, ఏడు నెలలైనా చెప్పలేదు.

కొట్టడం, బెదిరించడం, ఫోన్ లాక్కుని చెక్ చేయడం లాంటివి ఉన్న బంధమైతే ఈ తూకాలేవీ వద్దు. అక్కడ బాధ పలచబడడమే ప్రమాదం. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి, పని గాడిన పడకపోతే డాక్టర్‌ను కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

ఆ అమ్మాయి అతనికి ఫోన్ చేయలేదు, తన అమ్మకు చేసింది. ఆరు నెలలు సంబంధాలు ఆపమని అడిగితే, ఆవిడ బేరమాడి ఉగాది దాకా ఒప్పుకుందట.