లాసోలో లాంబ్డా, స్టెప్ సైజు, ఫిస్టా: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో ప్రాజెక్టులు చేసే పిల్లలు వారాల వారీ వానల లెక్కలు, మండలాల చెనిక్కాయ దిగుబడి పట్టుకుని వచ్చినప్పుడల్లా వినపడే మాట ఒకటే. "సార్, లాసో పెడితే గుణకాలన్నీ సున్నాలే వస్తున్నాయి, డేటాలో సరుకు లేదేమో." వైవాకి వారం కూడా లేదని భయపడుతూ చెబుతారు. లాసో అంటే గుణకాల పరిమాణాల మొత్తం మీద లాంబ్డా అనే పెనాల్టీ వేసి, అక్కర్లేని గుణకాల్ని సున్నా చేసే రిగ్రెషన్. డేటాని అనుమానించే ముందు కోడ్‌లో ఒక్క లైను చూడండి. ఎక్కువసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది.

అపోహ: లాంబ్డా ఎంత అనుకున్నామో, సాఫ్ట్ థ్రెషోల్డింగులో అంతే తగ్గించాలి. స్టెప్ సైజు వేగానికి సంబంధించిన వేరే సంగతి.

వాస్తవం: ప్రతి ఇటరేషన్‌లో తగ్గించాల్సింది స్టెప్ సైజు t తో గుణించిన లాంబ్డాని, అంటే tλ ని. ఒంటి లాంబ్డాని కాదు. వానల పట్టిక A, దిగుబడి b, వెతికే గుణకాలు x అయితే మనం కనిష్ఠం చేసేది ఇది:

```
F(x) = ½‖Ax − b‖² + λ‖x‖₁
```

ప్రాక్సిమల్ గ్రేడియెంట్ పద్ధతిలో, అంటే ఇస్టాలో, ఒక్కో విడతలో రెండు పనులు జరుగుతాయి. ముందు నునుపైన భాగానికి గ్రేడియెంట్ అడుగు. ఆ తర్వాత వచ్చిన ప్రతి సంఖ్యనీ సున్నా వైపు కొంత లాగి, ఆ లోపల ఉన్నవాటిని సున్నా చేయడం, అదే సాఫ్ట్ థ్రెషోల్డింగు. గ్రేడియెంట్ తన బలాన్ని t వంతు మాత్రమే వాడుకుంటోంది కాబట్టి పెనాల్టీ కూడా t వంతే లాగాలి. లాగుడుపోటీలో ఒక పక్కవాళ్లు తాడుని వేలితో పట్టుకుంటే, రెండో పక్కవాళ్లు రెండు చేతులా లాగితే ఎలా ఉంటుందో, ఒంటి లాంబ్డా వాడితే అలా ఉంటుంది.

```python
def soft(v, a):
    return np.sign(v) * np.maximum(np.abs(v) - a, 0)

x = soft(x - t * (A.T @ (A @ x - b)), t * lam)
```

చేత్తో లెక్క కట్టి చూద్దాం. సంఖ్యలు లెక్క సులువుగా సాగడానికి పెట్టుకున్నవి. జూలైలో పక్కపక్క రెండు వారాల వాన మన రెండు కాలమ్‌లు అనుకోండి. ఒక వారం బాగా కురిసిన చోట పక్క వారం కూడా కురుస్తుంది కాబట్టి రెండూ కలిసి నడుస్తాయి. AᵀA లో వికర్ణం మీద 10, 10. పక్కన 8, 8. Aᵀb = (10, 6). λ = 2.

పెనాల్టీ లేకుండా సాధిస్తే (1.444, −0.556) వస్తుంది. రెండో వారం వాన పడితే పంట తగ్గుతుందని దాని అర్థం. ఏ రైతూ ఒప్పుకోడు. లాసో సమాధానం (0.8, 0). దీన్ని నమ్మడానికి కంప్యూటర్ అక్కర్లేదు. Aᵀ(b − Ax) లెక్కిస్తే (2, −0.4) వస్తుంది. సున్నా కాని గుణకం దగ్గర అది సరిగ్గా λ అయి, గుణకం గుర్తే దానికీ ఉండాలి. సున్నా అయిన చోట దాని పరిమాణం λ దాటకూడదు. రెండూ కుదిరాయి.

ఇప్పుడు ఇస్టా. AᵀA ఐగెన్ విలువలు 18, 2. పెద్దది L, కాబట్టి L = 18, t = 1/18. సున్నా నుంచి మొదలుపెడితే గ్రేడియెంట్ అడుగు (0.556, 0.333) దగ్గరికి తీసుకెళ్తుంది. అక్కణ్ణుంచి 2/18, అంటే 0.111 తగ్గిస్తే (0.444, 0.222). రెండో విడతకి (0.543, 0.123), మూడో దానికి (0.631, 0.036). నాలుగో విడతలో రెండో సంఖ్య 0.069 దగ్గరికొచ్చింది. అది 0.111 కన్నా తక్కువ, కాబట్టి ఖచ్చితంగా సున్నా అయింది. మళ్లీ లేవలేదు. మిగిలిన మొదటి గుణకం 0.709 నుంచి 0.8 వైపు నడుస్తుంది, ఒక్కో విడతకి దూరం 4/9 వంతుకి తగ్గుతూ.

తప్పు కోడ్‌లో ఏం జరుగుతుంది? (0.556, 0.333) నుంచి 2 తగ్గిస్తే రెండూ సున్నా. తర్వాతి విడత మళ్లీ సున్నా నుంచే మొదలు, మళ్లీ సున్నా. వెయ్యి విడతలు తిప్పినా అంతే. ఎర్రర్ రాదు, కర్వ్ కూడా గీత గీసినట్టు చదునుగా ఉంటుంది కాబట్టి కన్వర్జ్ అయిందనే అనుకుంటారు. నిజానికి అది కన్వర్జ్ అయింది, వేరే లెక్కకి. ఒంటి λ వాడిన కోడ్ సాధించేది λ/t పెనాల్టీ ఉన్న లెక్క. ఇక్కడ 2 × 18 = 36. Aᵀb లో అతి పెద్ద పరిమాణం 10 కాబట్టి పెనాల్టీ 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే సరైన సమాధానమే పూర్తి సున్నా. సున్నాలొచ్చాయని ముందు max|Aᵀb| చూడండి. మీ λ దానికన్నా బాగా తక్కువుండీ అన్నీ సున్నాలే వస్తే తప్పు కోడ్‌ది.

ఇంతకన్నా నష్టం ఆ తర్వాత జరుగుతుంది. సున్నాలు చూసి λ తగ్గించుకుంటూ పోతారు. 0.111 దగ్గర సరైన (0.8, 0) వస్తుంది. హమ్మయ్య అనుకుని "λ = 0.11" అని రిపోర్టులో రాస్తారు. రెండు నెలల తర్వాత ఆగస్టు వారాలు కూడా కలుపుతారు. L పెరుగుతుంది, t తగ్గుతుంది. λ ముట్టుకోకపోయినా అసలు పెనాల్టీ పెరిగి, నిన్నటిదాకా నిలబడ్డ కాలమ్‌లు మాయమవుతాయి. అప్పుడు "ఆగస్టు వానే ముఖ్యం" అన్న తీర్మానం బయల్దేరుతుంది. బ్యాక్‌ట్రాకింగ్ పెట్టి t ని నడుమలో సగం చేసే కోడ్ అయితే, సగం చేసిన ప్రతిసారీ సాధిస్తున్న లెక్కే మారిపోతుంది.

పట్టుకోవడం సులువు. అదే డేటా, అదే λ, t = 1/18 తో ఒకసారి, t = 1/36 తో ఒకసారి చివరిదాకా తిప్పండి. ఈ లెక్కలో సమాధానం ఒక్కటే, కాబట్టి రెండుసార్లూ అదే రావాలి, విడతల సంఖ్య మాత్రమే మారాలి. సమాధానం మారిందంటే ఆ లైను తప్పు.

దీనికి తోడుగా వచ్చే తికమక ½ గురించి. ఇస్టాకి వేగం పెంచిన రూపం ఫిస్టాని ఇచ్చిన బెక్, టెబూల్ 2009 పేపర్లో ‖Ax − b‖² ముందు ½ లేదు, కాబట్టి వాళ్ల L మన L కి రెట్టింపు. scikit-learn `Lasso` ‖Ax − b‖² ని 2n తో భాగిస్తుంది, n అంటే వరుసల సంఖ్య. అక్కడి `alpha` అంటే మన λ ని వరుసల సంఖ్యతో భాగించినది. 40 వరుసలుంటే మన λ = 2 అక్కడ 0.05. ఇది సరిచూసుకోకుండా రెండు సమాధానాలూ కలవడం లేదని గొడవపడొద్దు.

అపోహ: ఇస్టా రేటు 1/k కాబట్టి అది ఎప్పుడూ నత్తే.

వాస్తవం: 1/k అన్నది ఇంతకన్నా దారుణంగా ఉండదన్న హామీ. ఎంతసేపు పడుతుందో చెప్పే జోస్యం కాదు. F కనిష్ఠ విలువ F*, దాన్నిచ్చే x ని x* అనుకుంటే, k విడతల తర్వాత t = 1/L తో హామీ ఇది:

```
F(x_k) − F* ≤ L‖x₀ − x*‖² / (2k)
```

మన లెక్కలో 18 × 0.64 / 2k, అంటే 5.76/k. తేడా 0.01 కి దిగాలంటే 576 విడతలు కావాలని ఈ సూత్రం ఒప్పుకుంటుంది. జరిగింది చూడండి. నాలుగో విడతకి తేడా 0.0414, ఐదో విడతకి 0.0082. ఐదింటితో పనైపోయింది. ఏ గుణకాలు సున్నానో తేలాక మిగిలిన చిన్న లెక్కలో నడక వేగంగా, ప్రతిసారీ ఒకే నిష్పత్తిలో సాగుతుంది. మిగిలిన కాలమ్‌లు ఒకదానికొకటి నకళ్లలా ఉంటే మాత్రం ఆ నిష్పత్తి 1 కి దగ్గరై, నిజంగానే వేల విడతలు పడుతుంది. రోజువారీ వానని, దాని వారం మొత్తాన్ని, నెల మొత్తాన్ని కలిపి పెట్టినప్పుడు జరిగేది అదే.

అపోహ: ఫిస్టాలో F విలువ పైకి లేచిందంటే కోడ్‌లో తప్పుంది.

వాస్తవం: t = 1/L తో ఇస్టాలో F పైకి లేస్తే తప్పుంది. ఫిస్టాలో లేవడం సహజం. దీని గురించి నిద్ర మానుకోవద్దు. ఫిస్టా గ్రేడియెంట్‌ని x దగ్గర తీసుకోదు. గత రెండు x ల తేడాలో కొంత భాగం ముందుకి జరిపిన y దగ్గర తీసుకుంటుంది:

```python
x_new = soft(y - t * (A.T @ (A @ y - b)), t * lam)
s_new = (1 + np.sqrt(1 + 4 * s * s)) / 2
y = x_new + (s - 1) / s_new * (x_new - x)
x, s = x_new, s_new
```

మొదలు s = 1, y = x. హామీ ఇప్పుడు 2L‖x₀ − x*‖²/(k+1)². మన లెక్కలో 0.01 కి 47 విడతలు చాలు. నెస్టెరోవ్ 1983 లో నునుపైన ఫంక్షన్లకి చూపించిన ఈ ఊపుని బెక్, టెబూల్ ఇక్కడికి తెచ్చారు.

అదే ఉదాహరణలో నాలుగో విడతకి ఫిస్టా 0.774 చేరింది. ఇస్టా అప్పటికి 0.709 దగ్గరే ఉంది. ఐదో విడతలో ఫిస్టా 0.8 దాటి 0.8192 కి పోయింది, తేడా 0.00185. ఆరో విడతలో ఊపు ఇంకా తగ్గక 0.8205, తేడా 0.0021. F పైకి లేచింది, కోడ్ మాత్రం సరైనదే. ఆ ఆరో విడతకి ఇస్టా తేడా 0.0016. నింపాదిగా నడిచినదే ముందుకొచ్చింది. లెక్క సులువుగా ఉన్నప్పుడు ఊపు అడ్డమవుతుంది, నకళ్ల కాలమ్‌లున్నప్పుడు ఊపే గట్టెక్కిస్తుంది. మీ లెక్క ఏ రకమో ముందే తెలియకపోతే ఓడనహ్యూ, కాండెస్ చెప్పిన రీస్టార్ట్ వాడండి. F పైకి లేచిన విడతలో s ని మళ్లీ 1 చేసి, y ని x కి సమానం చేస్తే చాలు.

మిగతావి త్వరగా. ఫలితంగా y ని చూపించకండి. మన నాలుగో విడతలో y రెండో సంఖ్య −0.038, x రెండో సంఖ్య సున్నా. "ఫిస్టా సున్నాలు ఇవ్వదు" అన్న పుకారు y ని ప్రింట్ చేసినవాళ్ల దగ్గర పుట్టేదే. t ని 2/L లోపు దాకా పెంచినా ఇస్టా తట్టుకుంటుంది, ఫిస్టా హామీకి మాత్రం 1/L దాటకూడదు. L లెక్కించే ఓపిక లేకపోతే AᵀA వికర్ణం మొత్తం వాడండి. ఇక్కడ 20, ఎప్పుడూ L కన్నా తక్కువ కాదు. కాలమ్‌లు వందలైతే అది మరీ పెద్దదై అడుగు కుంచించుకుపోతుంది కాబట్టి పవర్ ఇటరేషన్ చేసుకోండి. అది L ని కింది నుంచి అందుకుంటుంది, వచ్చినదానికి కొంచెం కలిపి వాడండి. ఆపడానికి x కదలడం లేదన్నది సాక్ష్యం కాదు, చిన్న t తో ఏదైనా కదలనట్టే ఉంటుంది. పైన చేత్తో చూసిన Aᵀ(b − Ax) పరీక్షే పెట్టి, సున్నా గుణకాల దగ్గర λ దాటలేదని, మిగతాచోట్ల గుర్తుతో సహా λ కి సమానమని, మీరు ఒప్పుకునే తేడాలో తేలినప్పుడే ఆపండి.