21 రాళ్ళు, రెండు ఇళ్ళు, ఒకే ప్రశ్న

పిల్లలూ,

మీలో ఒక అమ్మాయి నాకు ఉత్తరం రాసింది. తాతయ్యా, మా ఇంట్లో 21 రాళ్ళు పోసి ఆడతాం, వంతుకి ఒకటి గానీ రెండు గానీ మూడు గానీ తియ్యాలి, ఆఖరి రాయి తీసినవాళ్ళే గెలుపు, అందులో అన్నయ్య ఎప్పుడూ నేనే ఫస్ట్ అంటాడు, ఎప్పుడూ వాడే గెలుస్తాడు. మా ఫ్రెండ్ వాళ్ళింట్లో కూడా 21 రాళ్ళే, కాకపోతే అక్కడ ఆఖరి రాయి తీసినవాళ్ళు ఓడిపోయినట్టు. అన్నయ్యని చూసి నేనూ అక్కడ ఫస్ట్ ఆడాను, ఐదుసార్లు ఆడితే ఐదుసార్లూ ఓడిపోయాను. ఇంతకీ ముందు ఆడితే మంచిదా, తర్వాత ఆడితే మంచిదా? అని అడిగింది.

ఎంత మంచి ప్రశ్నో చూడండి, రాళ్ళు అవే, తీసే పద్ధతీ అదే, కానీ ఒక ఇంట్లో ముందు ఆడితే లాభం, ఇంకో ఇంట్లో నష్టం. దీనికి జవాబు రాళ్ళు తియ్యడం మొదలుపెట్టే చోట దొరకదు, ఆట అయిపోయే చోట దొరుకుతుంది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడదాం.

రాళ్ళని కాసేపు మెట్లు అనుకోండి. 21 మెట్లు ఉన్నాయి, పైన ఒక దీపం ఉంది. ఇద్దరూ వంతులవారీగా ఆ దీపాన్ని కిందికి దించుతున్నారు, ఒక్కో వంతుకి ఒకటో రెండో మూడో మెట్లు. దాన్ని నేల మీద పెట్టినవాళ్ళే గెలుపు. ఇప్పుడు పైకి చూడకండి, నేల దగ్గర నిలబడండి.

దీపం ఒకటో మెట్టు మీద ఉండి మీ వంతు వస్తే ఒక్క మెట్టు దించి నేలమీద పెట్టేస్తారు, గెలుపు. రెండో మెట్టైనా మూడో మెట్టైనా అంతే. నాలుగో మెట్టు మీద ఉండి మీ వంతు వస్తే? ఒకటి దించితే మూడో మెట్టు, రెండు దించితే రెండో మెట్టు, మూడు దించితే ఒకటో మెట్టు. ఎటు వెళ్ళినా అవతలివాళ్ళు ఒకే దెబ్బలో నేలకి దించేస్తారు. అంటే నాలుగో మెట్టు దగ్గర వంతు వచ్చినవాళ్ళకి దారి లేదు, దానికి ఎర్రరంగు వెయ్యండి. ఇక ఐదు, ఆరు, ఏడు మెట్లు చూడండి, అక్కడ వంతు వస్తే హాయి, ఎందుకంటే దీపాన్ని తీసుకెళ్ళి ఆ ఎర్రమెట్టు మీద పెట్టి అవతలివాళ్ళకి వంతు ఇచ్చెయ్యచ్చు. ఎనిమిదో మెట్టు నుంచి ఎటు దించినా ఐదు, ఆరు, ఏడుల్లో ఏదో ఒకదాని మీద పడుతుంది, అవన్నీ అవతలివాళ్ళకి మంచి మెట్లు, కాబట్టి ఎనిమిది కూడా ఎరుపే. ఇలా పైకి ఎక్కుతూ పోతే 12, 16, 20 ఎర్రగా మారతాయి. 21 మాత్రం ఎరుపు కాదు, ఎర్రమెట్టుకి సరిగ్గా ఒక మెట్టు పైన ఉంది.

అన్నయ్య చేసేది ఇదే అమ్మలూ. మొదటి వంతులో ఒక్కటే రాయి తీస్తాడు చూడు, 20 మిగిల్చి నీకు ఇస్తాడు. నువ్వు రెండు తీస్తే తనూ రెండు తీసి 16 చేస్తాడు, నువ్వు మూడు తీస్తే తను ఒకటి తీసి 12 చేస్తాడు, నువ్వు ఒకటి తీస్తే తను మూడు తీసి 8 చేస్తాడు. నువ్వు తీసిందీ తను తీసిందీ కలిపితే ప్రతిసారీ నాలుగు. నువ్వు ఎంత ఆలోచించి తీసినా నిన్ను ఎర్రమెట్టు మీదే నిలబెడతాడు. ఈసారి వాడు మొదట్లో ఎన్ని తీస్తున్నాడో గమనించు. ఒకటి కాకుండా రెండు తీశాడనుకో, 19 మిగులుతాయి, వెంటనే నువ్వు మూడు తీసి 16 చేసేయ్, అక్కడి నుంచి మెట్లు నీవి.

ఇక ఫ్రెండ్ వాళ్ళింట్లో ఆఖరి రాయి తీసినవాళ్ళు ఓడిపోతారు కదా. అంటే ఒక్క రాయి మిగిలి వంతు నీదైతే నీ పని అయిపోయినట్టే, అక్కడ ఒకటో మెట్టే ఎర్రమెట్టు. నేల ఒక మెట్టు పైకి జరిగినట్టు అనుకో. నేల జరిగితే దాని మీద లెక్కపెట్టిన ఎర్రమెట్లన్నీ కూడా ఒక్కో మెట్టు జరుగుతాయి, 1, 5, 9, 13, 17, 21. చూశావా, 21 ఎర్రబడిపోయింది! ముందు ఆడతానని నువ్వే వెళ్ళి ఎర్రమెట్టు మీద నిలబడ్డావు. కింద మారింది ఒక్క మెట్టే, పైన లాభం కాస్తా నష్టమైపోయింది.

ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. నా చిన్నప్పుడు మా మేనమామ ఒకాయన నాతో ఇదే ఆట 20 రాళ్ళతో ఆడేవాడు. నువ్వు చిన్నవాడివిరా, ముందు నువ్వే ఆడు అనేవాడు, నాకు అది గారాబంలా ఉండేది, మామయ్యకి నేనంటే ఎంత ఇష్టమో అనుకునేవాణ్ణి. ఓడిపోయిన ప్రతిసారీ ఈసారి మొదట్లో రెండు తీసి చూద్దాం, ఈసారి మూడు తీసి చూద్దాం అని మొదట్లోనే వెతికేవాణ్ణి. ఒకరోజు బయట వర్షం, ఆడడానికి ఎవరూ లేరు, ఒక్కణ్ణే కూర్చుని నాలుగంటే నాలుగు రాళ్ళు ముందు పెట్టుకుని నా వంతూ మామయ్య వంతూ నేనే ఆడుకున్నాను. నాలుగు ఉంటే ఏం చేసినా ఓటమే అని తెలిసిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తే, ఒళ్ళు జలదరించింది. చీకటి పడేసరికి 20 దాకా ఎక్కేశాను. మర్నాడు మామయ్య ముందు నువ్వే ఆడు అంటే, కాదు మామయ్యా ముందు నువ్వు ఆడు అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, రాళ్ళు అక్కడే వదిలేసి నన్ను ఎత్తుకున్నాడు. అప్పుడు అర్థమైంది, ఆ గారాబం నిజమే, నేను కనిపెట్టే రోజు కోసమే ఆయన ఇన్నాళ్ళూ ఎదురుచూశాడు.

పెద్దయ్యాక తెలిసింది, దీన్ని బ్యాక్‌వర్డ్ ఇండక్షన్ అంటారట, చివరి ఎత్తు దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెనక్కి లెక్కవేసుకుంటూ మొదటి ఎత్తు దాకా రావడం. 1913లో జెర్మెలో అనే గణితవేత్త చదరంగం గురించి ఒక మాట నిరూపించాడు. తెల్లపావులవాళ్ళు తప్పకుండా గెలిచే దారైనా ఉండాలి, నల్లపావులవాళ్ళు తప్పకుండా గెలిచే దారైనా ఉండాలి, లేదా ఇద్దరూ ఓడిపోకుండా డ్రాకి లాగే దారైనా ఉండాలి, ఈ మూడిట్లో ఏదో ఒకటి ఖాయం అని. ఆ మూడిట్లో ఏదో మాత్రం ఇవాళ్టికీ ఎవరికీ తెలీదు! చదరంగం కూడా మెట్లే, కాకపోతే ప్రతి మెట్టు నుంచీ పదుల కొద్దీ మెట్లు కిందికి చీలిపోతాయి, రంగు వేసుకుంటూ రావడానికి లోకంలో ఉన్న కంప్యూటర్లన్నీ కలిసినా చాలవు. చెకర్స్ అనే ఆటకి మాత్రం 2007లో తేల్చారు, ఇద్దరూ తప్పు చెయ్యకుండా ఆడితే అది డ్రా. అక్కడ ముందు ఆడినా తర్వాత ఆడినా ఒకటే.

మెట్ల పోలికని ఇంకొంచెం దూరం తీసుకెళ్తాను, ఓపిగ్గా రండి. ఈసారి రెండే మెట్లు. 10 గోళీలు ఉన్నాయి, ముందు నేను వాటిని రెండు కుప్పలు చేస్తాను, తర్వాత మీరు మీకు కావాల్సిన కుప్ప తీసుకుంటారు. కింది మెట్టు మీది, అక్కడి నుంచి చూద్దాం. మీరు పెద్ద కుప్పే తీసుకుంటారు, అది నాకు తెలుసు, కాబట్టి ఆరు నాలుగు చేస్తే నాకు మిగిలేది నాలుగే, అందుకని ఐదూ ఐదూ చేస్తాను. సరే, ఇప్పుడు కింది మెట్టు ఒక్కటే మారుద్దాం. నేనే పంచుతాను, నాదేదో మీదేదో కూడా నేనే చెప్తాను, మీరు సరే అనాలి లేదా వద్దనాలి, వద్దంటే ఇద్దరికీ ఏమీ ఉండదు. లెక్క ప్రకారం ఒక్క గోళీ ఇచ్చినా సున్నా కన్నా నయమే కదా, మీరు సరే అంటారు, నేను తొమ్మిది ఉంచుకుంటాను. రెండు ఆటల్లోనూ ముందు కదిలింది నేనే. మొదటిదాంట్లో ముందు ఆడినందుకు నాకు ఏమీ కలిసిరాలేదు, రెండోదాంట్లో తొమ్మిది వచ్చాయి. ముందు ఆడడంలో సొంతంగా బలం ఏమీ లేదు పిల్లలూ, తర్వాత ఆడేవాళ్ళ చేతిలో ఏం మిగిలిందో దాన్నిబట్టే అంతా. రాయి కాగితం కత్తెర ఆటలో ముందు చెయ్యి చూపిస్తే ఏమవుతుందో మీకు తెలుసు, చూసిన తర్వాత ఆడేవాళ్ళకి ఇంక ఓటమే లేదు.

కానీ ఇక్కడ లెక్క ఒకచోట తడబడుతుంది, అది మీ దగ్గర దాచను. ఆ రెండో ఆటని 1982లో జర్మనీలో నిజమైన మనుషులతో, నిజమైన డబ్బుతో ఆడించి చూశారు, ఆ తర్వాత చాలా దేశాల్లో ఆడించారు. చాలామంది తొమ్మిది ఉంచుకుని ఒకటి ఇవ్వలేదు, సగానికి దగ్గరగానే ఇచ్చారు. మరీ తక్కువ ఇస్తే అవతలివాళ్ళు చాలాసార్లు వద్దు పో అన్నారు, తమకీ ఏమీ రాకపోయినా సరే. మెట్లకి రంగులు తప్పు పడలేదు, కింది మెట్టు మీద నిలబడ్డ మనిషికి ఏది ఇష్టమో మనం తప్పుగా అనుకున్నాం, అంతే. వాళ్ళకి గోళీలతో పాటు న్యాయం కూడా కావాలి. అందుకే వెనకనుంచి లెక్క వేసేటప్పుడు ఎదుటివాళ్ళ చోట కూర్చుని, వాళ్ళకి నిజంగా ఏం కావాలో గౌరవంగా ఆలోచించాలి. మీ చోటే కూర్చుని వాళ్ళ ఎత్తు ఊహిస్తే లెక్క తప్పుతుంది. రాళ్ళాటలో ఈ ఇబ్బంది లేదు, అక్కడ ఇద్దరికీ కావాల్సింది గెలుపొక్కటే.

ఇక నా ఉత్తరం చదవడం ఆపి రాళ్ళు ఏరుకురండి. మళ్ళీ 21, ఆఖరి రాయి తీసినవాళ్ళే గెలుపు, కానీ ఈసారి వంతుకి ఒకటి గానీ మూడు గానీ నాలుగు గానీ తియ్యాలి, రెండు తియ్యకూడదు. ఎర్రమెట్లు ఇంక నాలుగేసి దూరంలో రావు, వేరే తాళంలో వస్తాయి, సున్నా నుంచి పదిహేను దాకా ఒక్కొక్క మెట్టే రంగు వేస్తే ఆ తాళం చెవికి వినిపిస్తుంది. అక్కడి నుంచి 21 దాకా ఎక్కి చూసుకుని, అమ్మలూ, మీ అన్నయ్య ఎప్పట్లాగే నేనే ఫస్ట్ అంటే ఆడనివ్వాలో వద్దో నువ్వే నాకు రాయి.

మీ తాతయ్య