20/3 సరే, 30 ఎందుకు కాదు?

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్‌లో ఎంపీసీ చదివినవారికి ఈ లెక్క పాత చుట్టంలాంటిది. 80 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు ఉన్న రేకు ఒకటి ఉంది. దాని నాలుగు మూలల్లో x సెం.మీ. భుజం ఉన్న చతురస్రాలను కత్తిరించి, మిగిలిన అంచులను పైకి మడిస్తే మూత లేని పెట్టె తయారవుతుంది. ఆ పెట్టెలో వీలైనంత ఎక్కువ పట్టాలంటే x ఎంత ఉండాలి?

పెట్టె ఎత్తు x. రెండు వైపులా x చొప్పున పోతుంది కాబట్టి అడుగు పొడవు 80 − 2x, వెడల్పు 30 − 2x. ఘనపరిమాణం ఈ మూడింటి లబ్ధం:

V = x(80 − 2x)(30 − 2x) = 4x³ − 220x² + 2400x

ఇది ఘన ప్రమేయం. అవకలజం తీసి సున్నాకు సమానం చేస్తే 12x² − 440x + 2400 = 0 వస్తుంది. కారణాంకాలుగా విడగొడితే 4(3x − 20)(x − 30) = 0. అంటే x విలువ 20/3 గాని, 30 గాని. ఇక్కడ మా తరగతిలో అందరం ఒకే వాక్యం రాసేవాళ్లం: "x = 30 సాధ్యం కాదు, కాబట్టి x = 20/3." ఎందుకు సాధ్యం కాదో మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. మార్కులు పడ్డాయి, పేజీ తిప్పాం. లెక్కలో అసలు ఆలోచించవలసిన చోటు అదేనని నాకు చాలా ఏళ్ల తర్వాత గాని తట్టలేదు.

30 సెం.మీ. వెడల్పున్న రేకు మీద, ఒకే అంచున ఉన్న రెండు మూలల్లోనూ 30 సెం.మీ. చతురస్రాలు కత్తిరించాలంటే 60 సెం.మీ. వెడల్పు కావాలి. అంత రేకు మన దగ్గర లేదు. x = 15 దగ్గరే రెండు చతురస్రాలూ ఒకదానికొకటి తగిలి, పెట్టెకు అడుగే మిగలదు. పొడవు వైపు చూస్తే x ని 40 దాకా పెంచవచ్చు గాని, వెడల్పు అంతకంటే ముందే అయిపోతుంది. రెండు హద్దుల్లో ఇరుకైనదే చెల్లుతుంది. కాబట్టి ఈ ప్రమేయానికి అర్థముండే ప్రదేశం 0 < x < 15. 30 దానికి బయట ఉంది, అంతే.

అయితే సమీకరణానికి రేకు సంగతి తెలియదు. దానికి ఏ సంఖ్య ఇచ్చినా నోరెత్తకుండా గుణించి పెడుతుంది. x = 30 ఇస్తే 30 × 20 × (−30), అంటే −18,000 ఘన సెం.మీ. అని చెబుతుంది. ఋణ ఘనపరిమాణం చూసినప్పుడు ఎవరైనా ఉలిక్కిపడతారు, కనుక ఈ తప్పు తనను తానే పట్టిస్తుంది. అసలు ప్రమాదం ఇంకొంచెం ముందుకు వెళ్తే ఉంది. x = 50 ఇచ్చి చూడండి. 80 − 100 = −20. 30 − 100 = −70. రెండు ఋణాలు గుణిస్తే ధనం కాబట్టి V = 50 × (−20) × (−70) = 70,000 ఘన సెం.మీ. డెబ్బై లీటర్లు! నిజమైన గరిష్ఠం ఏడున్నర లీటర్ల లోపే అని కాసేపట్లో చూస్తాం. దానికి తొమ్మిది రెట్లకు పైగా ఉన్న ఈ పెట్టెకు అడుగు పొడవు మైనస్ 20, వెడల్పు మైనస్ 70. జవాబు మాత్రం చక్కటి ధనసంఖ్య, ఎక్కడా అనుమానం రానివ్వదు. హద్దులు చెప్పకుండా ఈ ప్రమేయాన్ని కంప్యూటర్‌కు ఇచ్చి గరిష్ఠం వెతకమంటే, అది x ని పెంచుకుంటూ పోతుంది. x పెరిగేకొద్దీ V కూడా అంతులేకుండా పెరుగుతుంది. మనం గరిష్ఠం అంటున్నది ఆ వక్రరేఖ మొత్తం మీద గరిష్ఠం కానే కాదు. 0 కి, 15 కి మధ్య ఉన్న చిన్న గుట్ట శిఖరం అది.

ఇక ఆ గుట్టలోకి వద్దాం. x = 1 అయితే పెట్టె వెడల్పాటి పళ్లెంలా ఉంటుంది. 1 × 78 × 28 = 2,184 ఘన సెం.మీ., అంటే నాలుగు అరలీటరు ప్యాకెట్ల పాలు, ఆపైన కొంచెం. x = 14 అయితే లోతు బాగానే ఉంటుంది గాని వెడల్పు రెండు సెంటీమీటర్లే. చెయ్యి కూడా దూరని ఆ సందులో 1,456 ఘన సెం.మీ. పడుతుంది. x = 5 దగ్గర 7,000. x = 10 దగ్గర 6,000. శిఖరం ఈ మధ్యలో ఎక్కడో ఉంది. ఎక్కడుందో అవకలజం చెబుతుంది, నిజమే. కానీ అక్కడే ఎందుకుందో రేకు వైపు నుంచి చూస్తేనే తెలుస్తుంది.

చేతిలో x = 5 పెట్టె ఉందనుకోండి. మరొక మిల్లీమీటరు లోతుగా కోస్తే ఏం జరుగుతుంది? ఎత్తు ఒక మిల్లీమీటరు పెరిగింది కాబట్టి, అడుగంత విస్తీర్ణమున్న పలుచని పొర ఒకటి పైన చేరుతుంది. అది లాభం. అదే సమయంలో నాలుగు గోడలూ ఒక్కొక్క మిల్లీమీటరు లోపలికి జరుగుతాయి. గోడలంత విస్తీర్ణమున్న పొర పోతుంది. అది నష్టం. రెండు పొరల మందమూ ఒకటే కాబట్టి పోటీ విస్తీర్ణాల మధ్యనే. x = 5 దగ్గర అడుగు 70 × 20 = 1,400 చదరపు సెం.మీ. గోడలు అడుగు చుట్టుకొలతకు ఎత్తును గుణిస్తే వస్తాయి: 180 × 5 = 900. అడుగుదే పైచేయి, ఇంకా లోతుగా కోయవచ్చు. x = 10 దగ్గర అడుగు 60 × 10 = 600, గోడలు 140 × 10 = 1,400. ఇక్కడ గోడలదే పైచేయి, అంటే ఎక్కువ కోసేశాం. కాబట్టి పెట్టెలో అత్యధికంగా పట్టేది అడుగు విస్తీర్ణం, నాలుగు గోడల మొత్తం విస్తీర్ణం సమానమైన చోట.

సరిచూద్దాం. x = 20/3 అయితే అడుగు కొలతలు 200/3, 50/3. విస్తీర్ణం 10,000/9. చుట్టుకొలత 500/3, దాన్ని 20/3 తో గుణిస్తే గోడలు కూడా 10,000/9. రెండూ చెరి 1,111 చదరపు సెం.మీ. పై చిలుకు. ఘనపరిమాణం 2,00,000/27, అంటే దాదాపు 7,407 ఘన సెం.మీ. అవకలజం అనే మాట తెలియని రేకుల పనివాడు కూడా టేపుతో కొలిచి, తన పెట్టె సరైన లోతులో ఉందో లేదో ఈ ఒక్క పోలికతో చెప్పగలడు. అవకలజం చేసేదీ ఇదే. V' ని కొంచెం సర్ది రాస్తే అది అడుగు విస్తీర్ణంలోంచి గోడల విస్తీర్ణం తీసివేయడమే అవుతుంది.

చమత్కారం ఏమిటంటే, x = 30 దగ్గర కూడా ఈ సమానత్వం చెదరదు. అడుగు 20 × (−30) = −600. గోడలు −20 × 30 = −600. బీజగణితం తన మాట తప్పలేదు. అలాంటి రేకు లోకంలో లేదు, అంతే తేడా.

ఇంకొక చిన్న మాట. 80, 30 అనే కొలతలు ఊరికే ఎంచుకున్నవి కావు. రేకు భుజాలు a, b అయితే మనకు కావలసిన x ఇలా వస్తుంది:

x = (a + b − √(a² − ab + b²)) / 6

వర్గమూలం కింద 6400 − 2400 + 900 = 4900 ఉంది, దాని మూలం 70. (110 − 70)/6 అంటే 20/3. కొలతలు ఏవో నోటికి వచ్చినవి వేస్తే వర్గమూలం విడిపోక పిల్లలు అవస్థ పడతారు. 45, 24 తీసుకుంటే మూలం 39 వచ్చి x సరిగ్గా 5 అవుతుంది. 8, 5 తీసుకుంటే x = 1. వర్గమూలం కింద ఉన్న ఆ రాశి, a, b భుజాల మధ్య 60 డిగ్రీల కోణం ఉన్న త్రిభుజంలో మూడో భుజానికి వర్గం. ప్రశ్నపత్రం తయారుచేసేవారికి ఇలాంటి త్రిభుజాల జాబితా ఒకటి దగ్గరుంటే చాలు.

20/3 అంటే 6.666... సెం.మీ. స్కేలు మీద ఆ గీత లేదు. ఉండవలసిన అవసరమూ లేదు. 6.7 దగ్గర కత్తిరిస్తే తగ్గేది ఘన సెంటీమీటరులో ఆరో వంతు కంటే తక్కువ, మూడు నాలుగు నీటి చుక్కలు. 7 దగ్గర కోసినా 7,392 పడుతుంది, 6 దగ్గర కోసినా 7,344. గుట్ట శిఖరం అంత చదునుగా ఉంటుంది. లాభనష్టాలు అక్కడ దాదాపు సరిసమానం కాబట్టి, అటూ ఇటూ కొంచెం జరిగినా పెద్దగా పోయేదేమీ ఉండదు. అదే పొరపాటు గుట్ట ఏటవాలు మీద జరిగితే ఖరీదెక్కువ: x ని 2 నుంచి 1 కి తగ్గిస్తే దాదాపు రెండు లీటర్లు పోతుంది.

ఇంతవరకు ప్రదేశానికి హద్దు రేకే పెట్టింది. వాడేవారు కూడా హద్దు పెట్టవచ్చు. ఒక మిఠాయి దుకాణదారు ఇదే రేకుతో ట్రే చేయించుకుంటున్నాడు. అద్దాల బీరువాలో అరకు, అరకు మధ్య ఖాళీ తక్కువ, కాబట్టి ట్రే లోతు 5 సెం.మీ. దాటకూడదని చెప్పాడు. ఇప్పుడు ప్రదేశం 0 < x ≤ 5. ఇందులో 20/3 లేదు. 30 సంగతి సరేసరి. అవకలజం సున్నా అయ్యే చోటు ఈ ప్రదేశంలో ఒక్కటీ లేదు. "V' = 0 సాధిస్తే గరిష్ఠం" అని కంఠస్థం చేసినవాడు ఇక్కడ జవాబు లేదంటాడు. జవాబుంది. 0 నుంచి 5 దాకా V పెరుగుతూనే వస్తుంది కాబట్టి గరిష్ఠం అంచు మీదే, x = 5 దగ్గరే ఉంది: 7,000 ఘన సెం.మీ. హద్దు లేకుండా వచ్చే దానికంటే అయిదారు శాతం తక్కువ. ఆ ట్రేలో అడుగు 1,400, గోడలు 900, కాబట్టి అవకలజం 500. ఇంకొక మిల్లీమీటరు లోతు ఇస్తే మరో యాభై ఘన సెంటీమీటర్ల దాకా పడుతుంది, కానీ పై అర ఒప్పుకోదు.