బిల్లింగ్ కౌంటర్‌లో ఫోన్ నంబర్: అపోహలు - వాస్తవాలు

పదకొండేళ్లుగా నెల్లూరు, కావలి, ఒంగోలు షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టడమే నా పని. బట్టల షాపు, కిరాణా, మందుల షాపు, ఏదైనా సరే, క్యాషియర్ ముందున్న స్క్రీన్ మీద మొదటి గడి "కస్టమర్ మొబైల్" అనే ఉంటుంది. ఆ గడిని అక్కడ పెట్టేది మేమే. అందుకే దాని గురించి జనం అనుకునేదేమిటో, లోపల జరిగేదేమిటో రాస్తున్నాను.

అపోహ: నంబర్ చెప్పకపోతే బిల్లు రాదు

"సిస్టమ్ తీసుకోదన్నా" అని క్యాషియర్ అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. అతని స్క్రీన్ నిజంగానే ముందుకు పోదు. కానీ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో ఓనర్ ఒక టిక్ పెట్టించుకోవడం వల్లే అలా ఆగుతుంది. ఆ టిక్ తీసేస్తే గడి ఖాళీగా ఉన్నా ఎంటర్ కొట్టగానే "క్యాష్ కస్టమర్" పేరుతో బిల్లు వచ్చేస్తుంది. చాలా షాపుల్లో టిక్ కూడా ఉండదు. క్యాషియర్‌కు మాత్రం నెలకు ఇన్ని నంబర్లు ఎక్కించాలని టార్గెట్ ఉంటుంది.

జీఎస్టీ కోసం అనేది ఇంకో మాట. మనలాంటి మామూలు కొనుగోలుదారుకు ఇచ్చే బిల్లులో షాపు వివరాలు, సరుకు, ధర, పన్ను ఉండాలి. బిల్లు 50,000 రూపాయలు, ఆపైన ఉంటే కొన్నవాళ్ల పేరు, చిరునామా కూడా రాయాలి. ఫోన్ నంబర్ ఉండాలని మాత్రం ఆ నిబంధనలో లేదు. నంబర్ కోసం పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలో రిటైల్ సంఘాలకు చెప్పింది కూడా. బిల్లు ఇవ్వకుండా ఆపితే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. నేను చూసినంతలో అంతదాకా పోదు. "క్యాష్ కస్టమర్‌గా కొట్టండి" అని వాళ్ల మాటలోనే అడిగితే పదిలో ఎనిమిది చోట్ల మారు మాట్లాడకుండా కొట్టేస్తారు.

అపోహ: ఆఫర్ మెసేజ్‌లు పంపడానికే కదా

మెసేజ్ అందులో చిన్న భాగం. అసలు సంగతి, నంబర్ మీ ఖాతాకు తాళంచెవి లాంటిది. పేర్లు కలుస్తాయి. ట్రంకు రోడ్డులోని ఒక్క బట్టల షాపులోనే లక్ష్మి పేరుతో వందల మంది కనిపిస్తారు. పది అంకెలు మాత్రం కలవవు. అందుకే మీరు సంక్రాంతికి కొన్న చీర, జూన్‌లో పిల్లలకు కొన్న యూనిఫాం, శ్రావణంలో కొన్న పట్టుపంచె అన్నీ ఆ పది అంకెల కిందే చేరతాయి. క్యాషియర్ నంబర్ కొట్టగానే కిందటిసారి ఎప్పుడు వచ్చారు, ఎంత కొన్నారు, ఏడాదికి మొత్తం ఎంత అన్నది ఒక వరసలో కనపడుతుంది. ఓనర్ తన గదిలో కూర్చుని "90 రోజులుగా రానివాళ్లు, ఏడాదికి 20,000 దాటినవాళ్లు" అని అడిగితే జాబితా వచ్చేస్తుంది. అందులో తప్పేమీ లేదు, వ్యాపారం కోసం చేసుకుంటున్నారు. మీరు ఇస్తున్నది నంబర్ ఒక్కటే కాదు, ఇంటి ఖర్చుల చరిత్ర కూడా. అది తెలిసి ఇవ్వాలని మాత్రమే నేను చెప్పేది.

అపోహ: పాయింట్లు వస్తాయి కాబట్టి మనకే లాభం

లెక్క వేసి చూడండి. నేను ఒక షాపులో పెట్టిన స్కీమే చెబుతాను. వంద రూపాయలకు ఒక పాయింట్, పాయింట్ విలువ పావలా. 200 పాయింట్లు అయితేగానీ వాడుకోలేరు, అదీ ఏడాది లోపే. ఒకామె 6,400 రూపాయల బిల్లుకు నంబర్ ఇచ్చింది. 64 పాయింట్లు పడ్డాయి, అంటే 16 రూపాయలు. వాటిని వాడుకోవాలంటే ఏడాదిలో 20,000 కొనాలి, అప్పుడు 50 రూపాయలు తగ్గుతుంది. పండక్కి తప్ప ఆ షాపు గడప తొక్కని ఆమెకు ఆ పాయింట్లు ఎందుకూ పనికిరావు. అదే స్కీమ్ కిరాణా షాపులో ఉండి, నెలనెలా 5,000 సరుకు తెచ్చుకునేవాళ్లయితే ఏడాదికి 150 రూపాయలు మిగులుతాయి. అక్కడ ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం. మా ఇంట్లో కిరాణా షాపుకు నంబర్ ఇస్తాం, బట్టల షాపుకు ఇవ్వం. పావలానా, రూపాయా, గడువెంత అన్న రెండు ప్రశ్నలు కౌంటర్‌లోనే అడిగేయండి.

అపోహ: నంబర్ తెలిస్తే బ్యాంకులో డబ్బు పోతుంది

వట్టి నంబర్‌తో డబ్బు తీయలేరు. భయం వేరే చోట ఉంది. నెల్లూరులో నేను చూసే ఒక షాపులో అకౌంటెంట్ మానేశాడు. రెండు నెలల తర్వాత ఓనర్ నన్ను పిలిపించాడు. కస్టమర్లకు వేరే షాపు నుంచి ఫోన్లు వస్తున్నాయట. సాఫ్ట్‌వేర్ లాగ్ తెరిచి చూస్తే, అతను మానేసే ముందు రోజు రాత్రి మొత్తం జాబితాను ఎక్సెల్‌లోకి దించినట్టు ఉంది. పేరు, నంబర్, చివరి బిల్లు మొత్తం, తేదీ, అన్నీ ఉన్నాయి. తప్పు నాదీ ఉంది. ఎక్స్‌పోర్ట్ బటన్‌కు పాస్‌వర్డ్ పెట్టకుండా వదిలేశాను. ఇప్పుడు ప్రతి షాపులో ముందు ఆ పనే చేస్తాను.

అలాంటి ఫైలు మోసగాళ్ల చేతిలో పడితే ఫోన్ ఇలా మొదలవుతుంది: "అమ్మా, మీరు 12వ తారీఖున 6,400కి బట్టలు కొన్నారు కదా, లక్కీ డ్రాలో స్కూటీ తగిలింది." తేదీ, మొత్తం సరిగ్గా చెప్పేసరికి మనిషి నమ్మేస్తుంది. ఆ తర్వాత "ముందు పన్ను కట్టాలి" అంటారు.

ఓటీపీ సంగతి కూడా ఇక్కడే. పాయింట్లు వాడుకునేటప్పుడు షాపులు ఓటీపీ పంపడం మామూలే. చెప్పేముందు మెసేజ్ పూర్తిగా చదవండి. అందులో ఆ షాపు పేరు, దేనికోసమన్నది రాసి ఉండాలి. బ్యాంకు పేరో, వాట్సాప్ పేరో కనిపిస్తే చెప్పకండి.

అపోహ: ఏదో ఒక దొంగ నంబర్ చెప్పేస్తే సరి

నోటికొచ్చిన పది అంకెలు చెబితే ఆ నంబర్ నిజంగా ఎవరిదో అయ్యుంటుంది. మీ బిల్లు వాళ్ల ఫోన్‌కు పోతుంది. లేదంటే క్యాషియరే అన్నీ తొమ్మిదులు కొట్టేస్తాడు. ఒక షాపు రిపోర్టులో ఆ తొమ్మిదుల మనిషే అందరికంటే పెద్ద కస్టమర్‌గా తేలాడు. "ఇవ్వనండీ" అని చెప్పేయడమే మేలు.

ఇక ఇవ్వాల్సిన చోట్లు ఉన్నాయి. జాకెట్ కుట్టడానికి ఇచ్చినా, ఫ్రిజ్ ఇంటికి పంపించాలన్నా, మిక్సీ రిపేరుకు వదిలినా షాపు మళ్లీ మిమ్మల్ని పిలవాలి కదా. అక్కడ ఇవ్వండి, "దీనికి మాత్రమే" అని ఒక మాట చెప్పండి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో సరిగ్గా ఇలాంటి ఉదాహరణే ఉంది. మందుల షాపులో ఒకామె డబ్బు కట్టి, రసీదు ఫోన్‌కు పంపమని నంబర్ ఇస్తే, రసీదు పంపడానికి ఆ నంబర్‌ను వాడుకోవచ్చని రాశారు. ఆ చట్టం కింద నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. షాపుల మీద పడే చాలా బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు.

ఇప్పటికే చాలాచోట్ల ఇచ్చేసినవాళ్లు మెసేజ్ పంపినవాళ్ల పేరు చివర చూడండి. -P ఉంటే అది ప్రచార మెసేజ్. అవి వద్దనుకుంటే 1909కి `START 0` అని పంపండి. ఆ తర్వాత కూడా వస్తే 7 రోజుల్లోపు అదే 1909కి ఫిర్యాదు చేయొచ్చు. వాట్సాప్‌లో వచ్చే ఆఫర్లు మాత్రం దీని కిందికి రావు. వాటిని ఆ చాట్‌లోనే బ్లాక్ చేసుకోవాలి.